కాంట్రాక్టులో ఏఐ క్లాజు: డిటెక్టర్ స్కోరుకి బదులు ఏం రాయించుకోవాలి?

నీలిసిరా
ఒక క్లయింట్‌తో ఏడాది పాటు వ్యాసాలు రాసే ఒప్పందం కుదిరేలా ఉంది. నెలకి కొన్ని వ్యాసాలు, ఒక్కోటి 1,800 పదాల వరకు. వాళ్లు పంపిన కాంట్రాక్టులో మిగతావన్నీ బాగానే ఉన్నాయి గానీ ఒక క్లాజు దగ్గర ఆగిపోయాను. యథాతథంగా పెడుతున్నాను:

"రచన పూర్తిగా మానవ రచనే అయి ఉండాలి. ఏఐ సాధనాలను ఏ దశలోనూ వాడరాదు. క్లయింట్ ఎంచుకున్న డిటెక్టర్‌లో ఏఐ స్కోరు 10 శాతం దాటితే రచనను తిరస్కరించడానికి, దానికి ఫీజు చెల్లించకుండా ఉండడానికి క్లయింట్‌కు హక్కు ఉంటుంది."

నేను వ్యాసాలు ఏఐతో రాయించను. కానీ స్పెల్లింగ్ చూసే సాధనం వాడతాను. ఇంటర్వ్యూ రికార్డింగులను టెక్స్ట్‌గా మార్చడానికి కూడా ఒకటి వాడతాను, అందులో ఏఐ ఉంది. అప్పుడప్పుడు డిక్టేషన్. ఈ క్లాజు మీద సంతకం పెడితే మొదటి రోజు నుంచే ఉల్లంఘించినట్టే కదా? క్లయింట్‌ని నొప్పించకుండా దీన్ని ఎలా మార్చమని అడగాలి?

అచ్చుతప్పు
ఎక్కువ ఆలోచించకండి, సంతకం పెట్టెయ్యండి. పంపే ముందు మీరే రెండు మూడు డిటెక్టర్లలో వేసి, స్కోరు తక్కువ వచ్చిన స్క్రీన్‌షాట్ దాచుకోండి. గొడవ వస్తే అదే మీ సాక్ష్యం. నేను అలాగే చేస్తాను, ఇంతవరకు ఇబ్బంది రాలేదు.

మార్జిన్
అచ్చుతప్పు గారూ, స్క్రీన్‌షాట్ పనికొచ్చే సందర్భం ఒక్కటే: క్లయింట్ కూడా అదే డిటెక్టర్, అదే వెర్షన్ వాడినప్పుడు. ఆ క్లాజులో "క్లయింట్ ఎంచుకున్న" అని ఉంది చూడండి. ఈ నెల ఒకటి వాడి, వచ్చే నెల ఇంకొకటి వాడొచ్చు. మీ స్క్రీన్‌షాట్ వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. స్కోరే ప్రమాణమని మీరు కూడా ఒప్పుకున్నట్టవుతుంది. రేపు వాళ్ల స్కోరు వేరుగా వస్తే వాదించడానికి మీకు చోటు ఉండదు.

నేను కొన్నేళ్లు ఒక ప్రచురణ సంస్థలో కాంట్రాక్టులు తయారు చేసే బల్ల దగ్గర పనిచేశాను, ఇప్పుడు రచయితల వైపు నుంచి చూస్తుంటాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: డిటెక్టర్ ఇచ్చేది ఒక అంచనా. ఎవరు రాశారన్న సంగతి దానికి తెలియదు. వాక్యాలు ఎంత ఊహించదగ్గట్టు ఉన్నాయన్నదే ప్రధానంగా కొలుస్తుంది. ఓపెన్‌ఏఐ 2023 జనవరిలో సొంతంగా ఒక క్లాసిఫైయర్ విడుదల చేసింది. ఏఐ రాసినవాటిలో 26 శాతాన్నే అది పట్టుకుందనీ, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని తప్పుగా ఏఐ అందనీ వాళ్లే చెప్పారు. కచ్చితత్వం తక్కువగా ఉందంటూ అదే ఏడాది జూలైలో ఉపసంహరించుకున్నారు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్షకు రాసిన 91 వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇచ్చారు. సగటున 61 శాతం పైగా వ్యాసాలను ఏఐ రాతగా చూపించాయి. తర్వాత వచ్చిన సాధనాలు మెరుగై ఉండొచ్చు. కానీ సాదా సీదా వాక్యాలతో, తెలిసిన పదాలతో రాసేవాళ్ల మీదే అనుమానం ఎక్కువ పడుతుందన్న సంగతి మాత్రం మనసులో పెట్టుకోవాలి. క్లయింట్లు మనల్ని అడిగేది కూడా సరిగ్గా అలాంటి రాతే.

నీలిసిరా గారి క్లాజులో గుచ్చుకునేవి మూడు మాటలు. "ఏ దశలోనూ", "క్లయింట్ ఎంచుకున్న", "ఫీజు చెల్లించకుండా". మొదటిది అసాధ్యమైన మాట ఇమ్మంటోంది. రెండోది తీర్పరిని ఒక్క పక్షమే పెట్టుకుంటోంది. మూడోది మీరు సమాధానం చెప్పకముందే శిక్ష వేస్తోంది.

తులసి ఆర్
అసలు కారణం కాపీరైట్ అండీ. ఏఐ వాడితే ఆ రచనకు కాపీరైట్ అసలు రాదు. అందుకే క్లయింట్లు పూర్తిగా నిషేధిస్తున్నారు. దాన్ని మార్చమని అడగడం దండగ.

డెస్క్ ఎడిటర్
నేను అవతలి వైపు మనిషిని. రచయితలకు పని ఇచ్చి, కాంట్రాక్టు పంపే పని నాది. ఇలాంటి క్లాజు నేనూ పెట్టాను, కాబట్టి మా భయాలేమిటో చెబుతాను. తులసి గారు చెప్పిన కాపీరైట్ అందులో ఒకటి మాత్రమే.

మేము కూడా పైవాళ్లకు సంతకం పెడతాం. "ఇది మా సొంత రచన, ఇందులో ఫలానా రకం సామగ్రి లేదు" అని హామీ ఇస్తాం. ఆ హామీ తప్పైతే డబ్బు వెనక్కి ఇవ్వాల్సింది మేము. రెండో భయం అబద్ధపు సమాచారం. ఒక వ్యాసంలో ఆధారాలుగా పేర్కొన్న రెండు నివేదికలు ఎక్కడా లేవని ప్రచురించాక తెలిసింది. మూడోది, నా వరకు అన్నిటికన్నా పెద్దది: మేము రచయితకు పంపిన, ఇంకా బయటకు రాని పత్రాలను వాళ్లు ఏదో చాట్ సాధనంలో అతికించడం. దీన్ని ఏ డిటెక్టరూ పట్టదు.

కాబట్టి స్కోరు తీసెయ్యమంటే నేను వింటాను. కానీ దాని స్థానంలో నాకు ఏదో ఒకటి కావాలి. ఉత్త నమ్మకం మీద మా పైవాళ్లకు హామీ ఇవ్వలేను.

మార్జిన్
ఇది బాగా పనికొచ్చే మాట. మూడు భయాలకు మూడు వేర్వేరు క్లాజులు ఉండాలి. అన్నిటినీ "ఏఐ వాడరాదు" అనే ఒక్క వాక్యంలో కుక్కడం వల్లే గొడవ.

తులసి గారికి: మీరన్నది సగం నిజం. అమెరికా కాపీరైట్ ఆఫీసు 2023 మార్చిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఏఐ తయారు చేసిన భాగానికి రక్షణ లేదు గానీ అదే రచనలో మనిషి రాసిన భాగానికి, మనిషి చేసిన ఎంపికకు, కూర్పుకు ఉంటుంది. నమోదు చేసేటప్పుడు, నామమాత్రాన్ని మించి ఏఐ భాగం ఉంటే దాన్ని వెల్లడించి మినహాయించాలి. 2025 మార్చిలో అక్కడి అప్పీలు కోర్టు థేలర్ కేసులో చెప్పింది, కేవలం యంత్రాన్నే రచయితగా చూపితే నమోదు కుదరదని. స్పెల్లింగ్ చూసుకున్నంత మాత్రాన రచన అనాథ అయిపోదు. కాబట్టి కాపీరైట్ గురించి భయపడే క్లయింట్‌కు కావాల్సింది ఏ భాగం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియడం. పూర్తి నిషేధం పెడితే వాడినవాళ్లు దాచిపెడతారు, అప్పుడు నమోదు పత్రంలో క్లయింటే తప్పు రాసినట్టవుతుంది.

ఇక అనుమతి క్లాజు. సాధనాల పేర్లు జాబితా రాయొద్దు, ఆరు నెలలకే పాతబడుతుంది. పైగా ఇప్పుడు వర్డ్ ప్రాసెసర్‌లోనే అన్నీ ఉన్నాయి. గీత గీయాల్సింది "పాఠకుడు చదివే వాక్యం ఎక్కడ పుట్టింది" అన్నచోట. నేనైతే ఇలా రాస్తాను:

"వాక్యాలను, పేరాలను ఏఐ సాధనంతో తయారు చేయించి, వాటిని అలాగే గానీ మార్చి గానీ రచనలో ఉంచాలంటే క్లయింట్ నుంచి ముందుగా రాతపూర్వక అనుమతి కావాలి. అక్షరదోషాలు, వ్యాకరణం సరిచూసుకోవడానికి, రచయిత మాటలను డిక్టేషన్ ద్వారా టైపు చేయడానికి, రచయిత చేసిన ఇంటర్వ్యూలను టెక్స్ట్‌గా మార్చడానికి అనుమతి అక్కర్లేదు. సమాచారం వెతకడానికో, మూలాలను క్లుప్తం చేసుకోవడానికో వాడితే ఆ సంగతి రచనతో పాటు ఒక వాక్యంలో తెలపాలి. రచనలోని ప్రతి విషయాన్నీ అసలు మూలంలో సరిచూసే బాధ్యత రచయితదే."

"మార్చి గానీ" అన్నది వదలొద్దు. రచయితలు తమ పుస్తకాలు తామే ప్రచురించుకునే అమెజాన్ కేడీపీ నియమాల్లో కూడా ఇదే గీత ఉంది. ఏఐ రాసిన పాఠాన్ని తర్వాత ఎంత దిద్దినా అది ఏఐ తయారు చేసిందిగానే లెక్క, వెల్లడించాలి. మీరే రాసి, దిద్దడానికి మాత్రమే సాధనం వాడితే వెల్లడించక్కర్లేదు. మీ రాత చివరికి ఎక్కడ ప్రచురితమవుతుందో అక్కడి నిర్వచనంతో మీ కాంట్రాక్టు నిర్వచనం కలవాలి. లేకపోతే డెస్క్ ఎడిటర్ గారు పైకి ఒకటి చెబుతారు, కింద మీరు ఒకటి పాటిస్తారు.

రెండు భాషలు
నాది అనువాదం పని. నా గోడు వినండి. ఒక క్లయింట్ (పేరెందుకు లెండి) యంత్రానువాదం వాళ్లే చేసి పంపి, "కాస్త సరిచూడండి" అన్నారు. సరిచూడ్డం కాదు, వాక్యం వాక్యం తిరగరాశాను. మూడు వారాల తర్వాత అదే సంస్థలో ఇంకో విభాగం దాన్ని డిటెక్టర్‌లో వేసి, ఏఐ వాడారంటూ నా బిల్లు ఆపింది! వాళ్లు పంపిందే ఏఐ పాఠం. చివరికి మొదటి ఈమెయిల్ జతచేసి పంపితే సర్దుకుంది గానీ, అప్పటిదాకా నిద్ర లేదు. పైన రాసిన క్లాజు ప్రకారం నేను "మార్చి ఉంచినట్టే" కదా? నాలాంటివాళ్ల సంగతేంటి?

మార్జిన్
మీ కేసు వల్ల నేను వదిలేసిన ముక్క గుర్తొచ్చింది, ధన్యవాదాలు. వెల్లడించే బాధ్యత రెండు వైపులా ఉండాలి. 2023లో అమెరికా స్క్రీన్ రైటర్ల సంఘం సమ్మె తర్వాత కుదిరిన ఒప్పందంలో ఈ ముక్క ఉంది. రచయితకు ఇచ్చే సామగ్రి ఏఐతో తయారైనదైతే కంపెనీ ఆ సంగతి చెప్పాలి. రచయితను ఏఐ వాడమని బలవంతం చేయకూడదని కూడా అందులో ఉంది. మన చిన్న కాంట్రాక్టులో ఒక్క వాక్యం చాలు:

"క్లయింట్ ఇచ్చే రూపురేఖలు, ముసాయిదాలు, అనువాదాలు, పాత పాఠాలలో ఏఐ తయారు చేసినవి ఉంటే ఇచ్చేటప్పుడే రాతపూర్వకంగా చెప్పాలి. వాటి నుంచి రచనలోకి వచ్చిన భాగానికి రచయిత హామీ వర్తించదు."

అనువాదాలకైతే అనుమతి ఆ పని ఆర్డర్‌లోనే ఉంటుంది: "యంత్రానువాదాన్ని దిద్దడం" అని పని పేరు రాయించుకోండి. "సరిచూడండి" అన్న ఈమెయిల్ మీద ఆధారపడొద్దు.

అచ్చుతప్పు
సరే, స్కోరు తీసేశాం అనుకుందాం. అయితే గూగుల్ డాక్స్‌లో రాస్తే చాలు కదా? వెర్షన్ హిస్టరీలో అక్షరం అక్షరం కనిపిస్తుంది. అంతకన్నా తిరుగులేని రుజువు ఏముంది?

గిట్‌గిరి
తిరుగులేనిదేం కాదు. పక్క స్క్రీన్ మీద ఏఐ పాఠం పెట్టుకుని చేత్తో టైపు చేస్తే హిస్టరీ అందంగానే ఉంటుంది. అక్షరం అక్షరం అన్నదీ తప్పే. గూగుల్ డాక్స్ పాత మార్పులను కొంతకాలానికి కలిపేస్తుంది. నేను సాదా టెక్స్ట్‌లో రాసి, ప్రతి మార్పునూ కమిట్‌గా దాచే గిట్‌లో పెడతాను. చివరి ఫైలుకు వేలిముద్ర లాంటి హాష్ తీసి పంపే రోజే ఈమెయిల్‌లో పెడతాను.

```
sha256sum vyasam.txt
```

తర్వాత ఫైలులో ఒక్క కామా మారినా హాష్ మారిపోతుంది.

మార్జిన్
హాష్ చెప్పేది ఈ ఫైలు ఆ తేదీకి ఇలాగే ఉందని మాత్రమే. ఎవరు రాశారన్నది చెప్పదు. మీరు పంపిన తర్వాత క్లయింట్ వైపు ఎవరో ఏఐతో దిద్ది, ఆ దిద్దిన ప్రతిని పరీక్షించి మిమ్మల్ని అడిగితే అప్పుడు అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. అలా జరుగుతుంది కూడా. గిట్ కమిట్‌కి తేదీ రాసే మనిషే పెట్టుకోవచ్చు, కాబట్టి మీ కంప్యూటర్‌లోనే ఉన్న గిట్ ఒక్కటే అయితే బలహీనం. బయటి సర్వర్‌కి ఎప్పటికప్పుడు పుష్ చేస్తుంటే కాస్త నయం.

ఇక గూగుల్ డాక్స్. File మెనూలో Version history, అందులో See version history లో చూడాలంటే అవతలివాళ్లకు ఎడిట్ అనుమతి ఉండాలి, చూసే అనుమతితో ఇచ్చిన లింకులో కనిపించదు. ఫైలును కాపీ చేసి పంపితే కాపీకి పాత చరిత్ర రాదు. చాలామంది "శుభ్రమైన కాపీ" పంపి అసలు ఫైలు చెరిపేస్తారు, అక్కడే పోతుంది. వర్డ్‌లో ఫైలు కంప్యూటర్‌లోనే ఉంటే ఇలాంటి చరిత్ర ఉండదు, వన్‌డ్రైవ్‌లోనో షేర్‌పాయింట్‌లోనో ఉంటేనే. ఫైలు వివరాల్లో కనిపించే మొత్తం ఎడిటింగ్ సమయాన్ని ఎవరూ నమ్మొద్దు, ఫైలు తెరిచి భోజనానికి వెళ్లినా అది పెరుగుతుంది.

గిట్‌గిరి గారన్నట్టు ఏ ఒక్కటీ తిరుగులేనిది కాదు. అందుకే కాంట్రాక్టులో "రుజువు చేయాలి" అని ఊరికే రాయకూడదు. "ఇవి చూపితే చాలు" అని ముందే ఒప్పుకోవాలి. నేను మూడింటి పేర్లు రాసి, వాటిలో ఏవైనా రెండు చాలంటాను. ఒకటి ముసాయిదా చరిత్ర. రెండోది నోట్సు, ఇంటర్వ్యూ రికార్డింగులు, చదివిన మూలాల జాబితా. మూడోది అరగంట సంభాషణ: ఈ పేరా ఇక్కడ ఎందుకు పెట్టారు, ఈ అంకె ఎక్కడిది, ఏం రాసి తీసేశారు అని ఎడిటర్ అడుగుతారు. రాసినవాళ్లు "ఏం తీసేశారు" అన్నదానికి ఆగకుండా చెబుతారు. రాయించినవాళ్లకి తీసేసింది అంటూ ఏమీ ఉండదు.

డెస్క్ ఎడిటర్
మూడోది నాకు నచ్చింది. కానీ ఒక్క అభ్యంతరం. కొందరు రచయితలు రాతలో దిట్టలు, మాట్లాడమంటే తడబడతారు. సంభాషణ మీద తీర్పు పెడితే వాళ్లకు అన్యాయం.

మార్జిన్
నిజమే. అందుకే "ఏవైనా రెండు" అన్నాను, ఏ రెండో ఎంచుకునేది రచయిత. సంభాషణ వద్దనుకుంటే మిగతా రెండూ చూపుతారు.

ఒక తగాదా వివరంగా చెబుతాను, నేను మధ్యవర్తిగా చూసింది. ఒక పరికరం గురించిన 1,800 పదాల మార్గదర్శిని. డిటెక్టర్ 78 శాతం చూపించింది. అదృష్టం కొద్దీ కాంట్రాక్టులో రుజువు క్లాజు ఉంది. క్లయింట్ ఏడు పనిదినాల్లోపు రాతపూర్వకంగా అడగాలి, ఏ పేరాల మీద అనుమానమో గుర్తించాలి. రచయిత ఐదు పనిదినాల్లోపు చూపాలి.

క్లయింట్ మొదట "మొత్తం వ్యాసం" అన్నాడు. అలా కుదరదు, పేరాలు గుర్తించండి అంటే ఆరు పేరాలు గుర్తించాడు. ముసాయిదా చరిత్ర తెరిచి చూశాం. నాలుగు పేరాలు మామూలుగా పెరిగాయి: ఒక వాక్యం రాయడం, సగం చెరపడం, వరస మార్చడం, రెండు రోజుల తర్వాత మళ్లీ వచ్చి ఒక ఉదాహరణ పెట్టడం. మిగిలిన రెండు చోట్ల పెద్ద ముక్కలు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. ఒకటి సుమారు 300 పదాలు, ఇంకోటి 140.

300 పదాల ముక్క క్లయింట్ పాత బ్రోషర్‌లోది. భద్రతా సూచనలు యథాతథంగా పెట్టమని వాళ్లే రాసిన ఈమెయిల్ ఉంది. స్కోరును అంత పైకి నెట్టినదీ అదేనని తేలింది, ఆ ముక్క తీసి మళ్లీ వేస్తే బాగా పడిపోయింది. 140 పదాలది రచయిత ఫోన్ నోట్సులో రాసుకుని అతికించింది. ఆ నోట్సు యాప్ చివరిగా మార్చిన తేదీ తప్ప చరిత్ర చూపదు. తేదీ సరిపోయింది గానీ ఎలా రాశారో కనిపించదు. సంభాషణలో రచయిత బాగానే చెప్పారు, క్లయింట్ మాత్రం పూర్తిగా ఒప్పుకోలేదు. చివరికి ఆ 140 పదాలు రచయిత మళ్లీ రాసి ఇచ్చారు, ఫీజు పూర్తిగా, అసలు గడువుకే వచ్చింది. ఆ ఒక్క ముక్క సంగతి ఎటూ తేలలేదనే చెప్పాలి. తేలకపోయినా నష్టం 140 పదాల దగ్గర ఆగింది, కాంట్రాక్టు చేసిన మేలు అంతే.

నీలిసిరా గారి క్లాజు ప్రకారమైతే 78 చూడగానే మొత్తం ఫీజు పోయేది.

నీలిసిరా
ఇది చదివాక ధైర్యం వచ్చింది. రెండు సందేహాలు. నా ఇంటర్వ్యూ రికార్డింగుల్లో మనుషులు బయటపెట్టొద్దన్న మాటలు ఉంటాయి. రుజువు పేరుతో అవి క్లయింట్‌కు ఇవ్వాలా? రెండోది, తప్పు తేలితే ఏమవుతుందో కూడా రాసుకోవాలా, లేక అది ఎత్తితే అనుమానం పుడుతుందా?

మార్జిన్
రుజువు "చూపడం" వేరు, "అప్పగించడం" వేరు. కాంట్రాక్టులో చూపడం అని రాయండి: స్క్రీన్ షేర్‌లో చూపుతారు, కాపీలు ఇవ్వరు, ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్ల గోప్య భాగాలు దాచిపెట్టొచ్చు. దాచిన చోట్లు ఉన్నాయని మాత్రం చెప్పాలి.

ఫలితం రాసుకోవాలి, తప్పకుండా. మెట్లు ఇలా ఉంటే బాగుంటుంది. పరిశీలన జరుగుతున్నప్పుడు అనుమానం లేని భాగానికి, మిగతా వ్యాసాలకు చెల్లింపు ఆగదు. చూపింది చాలకపోతే ఆ పేరాలు మళ్లీ రాయడానికి ఒక అవకాశం. అనుమతి లేకుండా ఏఐ వాక్యాలు పెట్టారని రచయిత ఒప్పుకున్నా, ఇద్దరూ ఒప్పుకున్న మూడో ఎడిటర్ తేల్చినా, ఆ ఒక్క వ్యాసం ఫీజు వెనక్కి. అంతకుమించి రచయిత బాధ్యతకు హద్దు పెట్టాలి. చాలా కాంట్రాక్టుల్లో "కలిగే సమస్త నష్టాలకూ" అని ఉంటుంది. ఆ మాటల వల్ల ఒక వ్యాసం గొడవ మీ ఏడాది ఆదాయాన్ని మింగగలదు. "ఆ రచనకు చెల్లించిన ఫీజుకు మించకుండా" అని అడగండి.

డెస్క్ ఎడిటర్
ఆ హద్దును నేను అన్నిచోట్లా ఒప్పుకోను. గోప్య పత్రాలను బయటి సాధనంలో పెట్టిన సందర్భంలో ఒక వ్యాసం ఫీజు నాకు ఏ మూలకు? దానికి హద్దు వేరుగా ఉండాలి, ఎక్కువగా ఉండాలి.

మార్జిన్
అది న్యాయమే. గోప్యత క్లాజు విడిగా ఉండాలన్నది అందుకే. అందులో రాయాల్సింది: క్లయింట్ గోప్యమని గుర్తుపెట్టి ఇచ్చిన సామగ్రిని, అనుమతించిన సాధనాలు తప్ప, పాఠాన్ని బయటి సర్వర్‌కు పంపే ఏ సాధనంలోనూ పెట్టకూడదు. ఇక్కడ మాత్రం సాధనాల పేర్లు రాయడం మంచిది, చిన్న అనుబంధంగా, ఈమెయిల్‌తో మార్చుకునేలా. నీలిసిరా గారూ, మీరు ఇక్కడే జాగ్రత్తపడాలి. మీ రికార్డింగులను టెక్స్ట్‌గా మార్చే సాధనం ఆడియోను బయటికి పంపుతుందా, మీ కంప్యూటర్‌లోనే చేస్తుందా చూసుకోండి. అనుమతి క్లాజు దాన్ని ఒప్పుకున్నా గోప్యత క్లాజు ఒప్పుకోకపోవచ్చు. వ్యాకరణ సాధనాలూ అంతే, బ్రౌజర్‌లో నడిచేవి చాలావరకు పాఠాన్ని పంపుతాయి.

గిట్‌గిరి
అదే లెక్కన క్లయింట్ నా వ్యాసాన్ని డిటెక్టర్ వెబ్‌సైటులో అతికించడం కూడా బయటి సర్వర్‌కు పంపడమే. ఇంకా డబ్బు ఇవ్వలేదు, హక్కులు బదిలీ కాలేదు, నా రాత ఎవరి దగ్గరో నిల్వ అయిపోయింది.

డెస్క్ ఎడిటర్
ఇది నాకు తట్టలేదు. ఒప్పుకుంటాను.

మార్జిన్
గిట్‌గిరి గారిది మంచి పట్టు. "చెల్లింపు పూర్తయ్యే వరకు క్లయింట్ రచనను, దాన్ని నిల్వ ఉంచే లేదా శిక్షణకు వాడే సేవల్లో పెట్టరాదు" అని రాయొచ్చు. చెల్లించాక కూడా ఏఐ శిక్షణకు ఇవ్వడానికి విడిగా అనుమతి కావాలని అడిగే హక్కు రచయితకు ఉంది. అమెరికాలో రచయితల సంఘం ఆథర్స్ గిల్డ్ 2023లోనే అలాంటి నమూనా క్లాజు ప్రచురించింది.

డిటెక్టర్‌ని పూర్తిగా నిషేధించమని మాత్రం నేననను, అది గెలవలేని వాదన. "డిటెక్టర్ ఫలితం ప్రశ్న అడగడానికి కారణం కావచ్చు, తిరస్కరణకు ఆధారం కారాదు" అన్న వాక్యం మీద ఇద్దరూ దిగొస్తారు.

రెండు భాషలు
ఇదంతా చూపించే సమయానికి డబ్బెవరిస్తారు? చరిత్ర తెరవడం, నోట్సు వెతకడం, కాల్ మాట్లాడడం, సగం రోజు పోతుంది. అనుమానపడింది వాళ్లు, పని చేసేది మనమా?

అచ్చుతప్పు
రుజువు సరిపోతే క్లయింట్ ఇవ్వాలి, సరిపోకపోతే రచయిత భరించాలి. ఓడినవాళ్లు కట్టాలి, సింపుల్.

డెస్క్ ఎడిటర్
సింపుల్ కాదండీ. మార్జిన్ గారు చెప్పిన 140 పదాల్లాంటిదాంట్లో ఓడిందెవరు? నేను ఏడాదికి ఒకట్రెండు సార్లు ఉచితంగా అడిగే హక్కు, ఆ పైన గంటల లెక్కన చెల్లింపు అంటే ఒప్పుకుంటాను. ప్రతి వ్యాసానికీ అడిగే ఎడిటర్లు ఉన్నారని నాకూ తెలుసు.

మార్జిన్
ఒక్కసారి వరకు సరే అంటాను, రెండు నాకు ఎక్కువే అనిపిస్తోంది. మూడో ఎడిటర్ ఖర్చు మాత్రం ముందు సగం సగం పెట్టుకోవడం ఉత్తమం, లేకపోతే ఎవరూ పిలవరు.

నీలిసిరా
క్లయింట్‌కు నిన్న మార్చిన ప్రతి పంపాను. మొత్తం క్లాజు కొట్టేయకుండా, "మీకు కావాల్సిన హామీని బలంగా ఇవ్వడానికే" అని పైన ఒక వాక్యం రాశాను. జవాబు వచ్చింది. అనుమతి క్లాజు, క్లయింట్ వైపు వెల్లడి, గోప్యతకు వేరే హద్దు ఒప్పుకున్నారు. ఏడు, ఐదు పనిదినాల గడువులూ సరే అన్నారు. డిటెక్టర్ వాక్యంలో "తిరస్కరణకు ఏకైక ఆధారం కారాదు" అని మార్చి పంపారు. "ఏకైక" అన్న మాట వాళ్లు చేర్చిందే. ఇది వదిలేయొచ్చా?

గిట్‌గిరి
వదలొద్దు. స్కోరు ప్లస్ "శైలి అనుమానాస్పదం" అంటే రెండు ఆధారాలైపోయాయి.

డెస్క్ ఎడిటర్
నేనైతే ఆ మాట లేకుండా సంతకం పెట్టను. రచయిత ఏ రుజువూ చూపకపోతే నా చేతిలో స్కోరు తప్ప ఏముంటుంది?

మార్జిన్
ఇద్దరూ చెప్పింది సబబే. "ఏకైక" ఉంచి, తర్వాత ఒక వాక్యం చేర్చమనండి: "ఒప్పుకున్న రుజువుల్లో రెండింటిని రచయిత గడువులోగా చూపితే, డిటెక్టర్ ఫలితాన్ని గానీ శైలి మీద అభిప్రాయాన్ని గానీ ఇక లెక్కలోకి తీసుకోరు." అప్పుడు స్కోరుకు విలువ ఉండేది మీరు ఏమీ చూపనప్పుడే. డెస్క్ ఎడిటర్ గారి ప్రశ్నకూ అదే జవాబు.

ఇంకోటి, ముసాయిదాలు ఎన్నాళ్లు దాచాలో రాశారా? చివరి చెల్లింపు నుంచి పన్నెండు నెలలు అని పెట్టించుకోండి. గడువు లేకపోతే మూడేళ్ల తర్వాత కూడా అడగొచ్చు.

నీలిసిరా
రాయలేదు. రెండూ కలిపి ఇవాళే పంపుతాను. రుజువు సమయానికి డబ్బు సంగతి ఈ విడతలో ఎత్తడం లేదు, ఒకేసారి అన్నీ అడిగితే బిగుసుకుంటారేమోనని.

రెండు భాషలు
ఇప్పుడు ఎత్తకపోతే ఎప్పుడు ఎత్తుతారండీ? సంతకం అయ్యాక ఎవరు వింటారు!